చుక్కా కామా తారుమారైతే

జర్మనీ బిల్లులో €1.234,56 అని ఉంటే అది 1,234 యూరోల 56 సెంట్లు. అక్కడ చుక్క వేలను విడదీస్తుంది, కామా దశాంశాన్ని చూపిస్తుంది. మన పద్ధతికి సరిగ్గా తిరగేసి అన్నమాట. కామా తీసేస్తే సరిపోతుందనుకుంటే మిగిలేది 1.23456, ఒకటింపావు యూరో కూడా కాదు! ఎక్సెల్‌లో ఇలా రాయాలి:

```
=NUMBERVALUE(SUBSTITUTE(A2,"€",""),",",".")
```

ముందు యూరో గుర్తు పోతుంది. తర్వాత కామా దశాంశమని, చుక్క వేల గుర్తని చెబుతున్నాం. ₹1,25,000.50 లాంటి వాటికి € బదులు ₹ పెట్టి, చివరి రెండు గుర్తులనూ అటూ ఇటూ మార్చాలి.

ఒట్టి 1.234 ఉంటే మాత్రం ఏ ఫార్ములా తేల్చలేదు, బిల్లు ఏ దేశానిదో చూడాల్సిందే. అంకెగా మారని గడి మామూలుగా ఎడమవైపుకు అంటుకుని ఉంటుంది. గడుల వరుసను SUM కూడేటప్పుడు దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.