కర్మకు కులం తెలుసా?

‘కర్మ’ శాస్త్రగ్రంథాల మాట. ‘ఖర్మ’ మన వీధి మాట. మొదటిదానికి చేసిన పని అని అర్థం. రెండవదానికి తప్పించుకోలేని అనుభవం అని మాత్రమే అర్థం మిగిలింది. మాన్‌హోల్‌లో దిగిన పారిశుద్ధ్య కార్మికుడు విషవాయువుకు బలైతే ‘వాడి ఖర్మ’ అనేవారు మన మధ్య ఇంకా ఉన్నారు. ఆ ఒక్క మాటతో కాంట్రాక్టరు, అధికారి, చట్టం, కులం అన్నీ పక్కకు తప్పుకుంటాయి. చనిపోయినవాడు, అతని గత జన్మ మాత్రమే మిగులుతారు.

హిందూ, బౌద్ధ బోధనలలో కర్మ, పునర్జన్మలను పోలుస్తూ విద్యార్థులు రాసే వ్యాసాలు నేను తరచుగా చదువుతుంటాను. హిందూమతం ఆత్మను ఒప్పుకుంటుంది, బౌద్ధం ఒప్పుకోదు అన్న వాక్యంతో చాలా వ్యాసాలు ముగిసిపోతాయి. ఆ వాక్యం నిజమే. కాని ఈ రెండు బోధనలలో కర్మ దేనిని వివరిస్తుంది, ఎంతవరకు వివరిస్తుంది అన్న ప్రశ్న వేసినప్పుడే అసలు భేదం బయటపడుతుంది. ఆ ప్రశ్నకు కులమే గట్టి పరీక్ష అని నా అభిప్రాయం.

ముందుగా ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయం చూద్దాం. పాంచాల రాజైన ప్రవాహణ జైవలి ఉద్దాలక ఆరుణికి మరణానంతర మార్గాలను బోధిస్తాడు. మంచి నడవడి గలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాలను పొందుతారని, చెడు నడవడి గలవారు కుక్క, పంది లేదా చండాల గర్భాన్ని పొందుతారని అతడు చెబుతాడు. ఇక్కడ చండాలుడు జంతువుల వరుసలో చేరాడు. అంతకంటే ముఖ్యంగా, పుట్టుకే గత నడవడికి సాక్ష్యమైపోయింది. కులం చూసి నేరం ఊహించడానికి ఆధారం దొరికింది.

ఈ వాక్యంపై తరువాతి తాత్త్వికులు వాదించుకున్నారు. బ్రహ్మసూత్రాలు మూడవ అధ్యాయంలో ‘నడవడి’ అంటే ఏమిటన్న చర్చ ఉంది. ఆ మాట మిగిలి ఉన్న కర్మశేషాన్ని సూచిస్తుందని కార్ష్ణాజిని, పుణ్యపాపాలనే సూచిస్తుందని బాదరి అభిప్రాయపడ్డారు. అయితే చండాల గర్భం ఆ వరుసలో ఎందుకుండాలి అన్న ప్రశ్న ఆ చర్చలో లేవదు. మొదటి అధ్యాయంలో శూద్రుడికి వేదాధికారం లేదన్న సూత్రాలపై శంకరాచార్యుల భాష్యం ఇంకా స్పష్టం. విదురుడు, ధర్మవ్యాధుడు జ్ఞానులు కదా అన్న సందేహానికి అది పూర్వజన్మ సంస్కారాల వల్ల కలిగిన జ్ఞానమని ఆయన సమాధానం. ఇతిహాస పురాణాలు వినే అవకాశం నాలుగు వర్ణాలకూ ఉందని, వేదం ద్వారా జ్ఞానం పొందే అధికారం మాత్రం శూద్రుడికి లేదని తేల్చారు. నియమాన్ని ప్రశ్నించగల మినహాయింపు కూడా గతజన్మ ఖాతాలోకే వెళ్లిపోయింది.

హిందూ సంప్రదాయమంతా ఇదేనని అనలేం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు కర్మను వర్ణంతో ముడిపెట్టకుండా, కోరిక నుంచి సంకల్పం, సంకల్పం నుంచి కర్మ పుడతాయని వివరిస్తాడు. ఆ మాట బౌద్ధానికి చాలా దగ్గర. కాని సామాజిక నియమాలకు ఆసరాగా నిలిచినది ప్రవాహణుడి బోధే.

బుద్ధుడు కర్మను కాదనలేదు. దాని నిర్వచనాన్ని మార్చాడు. చేతన, అంటే ఉద్దేశపూర్వకమైన సంకల్పమే కర్మ అని అంగుత్తర నికాయంలో చెప్పాడు. ఈ మార్పు ఫలితం అస్సలాయన సుత్తంలో కనిపిస్తుంది. బ్రాహ్మణులే శ్రేష్ఠులని వాదించడానికి వచ్చిన యువకుడిని బుద్ధుడు అడిగేది సూటి ప్రశ్న: హత్య, దొంగతనం చేస్తే క్షత్రియుడు, వైశ్యుడు, శూద్రుడు మాత్రమే దుర్గతికి పోతారా, బ్రాహ్మణుడు పోడా? అందరూ పోతారని అస్సలాయనుడు ఒప్పుకోక తప్పలేదు. కర్మ నియమం చేసినవాడి వర్ణాన్ని చూడదని అంగీకరించాక, వర్ణాన్ని బట్టి ధర్మం మారుతుందన్న వాదనకు చోటుండదు.

ఇప్పుడు పునర్జన్మ. ఆత్మ లేకపోతే తిరిగి పుట్టేదెవరు? మిళిందపఞ్హలో నాగసేనుడు మామిడిపళ్ల దొంగ ఉదాహరణ ఇస్తాడు. నేను దొంగిలించిన పళ్లు, తోట యజమాని నాటిన పళ్లు ఒకటి కావు అని దొంగ వాదించినా శిక్ష తప్పదు, ఎందుకంటే ఇవి వాటి నుంచే పుట్టాయి. అంటే కొనసాగేది కారణాల వరుస, మార్పులేని వ్యక్తి కాదు. పాత బట్ట విప్పి కొత్తది కట్టుకునే దేహి ఇక్కడ లేడు. కనుక ‘వీడు స్వభావతః చండాలుడు’ అనడానికి ఆ స్వభావాన్ని మోసుకొచ్చే వస్తువే దొరకదు.

మూడవ భేదం అన్నిటికన్నా పదునైనది. సంయుత్త నికాయంలో మోళియసీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని అడుగుతాడు. కాదని బుద్ధుడి జవాబు. అనుభవాలకు ఎనిమిది కారణాలు చెబుతాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, జాగ్రత్త లోపం, బయటి దాడి, చివరగా కర్మవిపాకం. ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. అంతా పూర్వకర్మే అనడం మన కళ్లముందున్న వాస్తవాన్ని దాటిపోవడమే అంటాడు.

ఈ కొలతను మాన్‌హోల్ మరణానికి పెట్టి చూడండి. కుళ్లిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. గాఢత పెరిగితే దాని వాసన కూడా ముక్కుకు తెలియదు. గాలి పరీక్షించకుండా, రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని దింపడం జాగ్రత్త లోపం. అలా దింపించడం పరుల చేత. 2013 చట్టం దానిని నిషేధించింది. ఆ పనికి ఏ కులంవారిని పిలుస్తారో సమాజానికి ముందే తెలుసు. ఎనిమిదవ కారణం వరకు వెళ్లకుండానే జవాబుదారులు దొరుకుతారు.

అయితే బౌద్ధాన్ని కడిగిన ముత్యంగా చూపడం నిజాయితీ కాదు. చూళకమ్మవిభంగ సుత్తంలో బుద్ధుడే, అహంకారంతో గౌరవించవలసినవారిని గౌరవించనివారు నీచకులంలో పుడతారని చెబుతాడు. పుట్టుక కర్మఫలం కావచ్చునని అక్కడ ఒప్పుకున్నట్టే. తేడా ఏమిటంటే, ఆ పుట్టుక సంఘ ప్రవేశానికి, విముక్తికి అడ్డు కాదు. మంగలి ఉపాలి, పాకీపని చేసిన సునీతుడు భిక్షువులయ్యారు. ఆచరణ సంగతి వేరు: శ్రీలంకలో 1753లో ఏర్పడిన సియాం నికాయ గొవిగమ కులస్థులకే ఉపసంపద ఇచ్చింది.

అంబేడ్కర్ ఈ చిక్కును గుర్తించారు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో, గతజన్మ కర్మ సిద్ధాంతం పేదల దుస్థితికి సమాజం తన బాధ్యతను తప్పించుకునే సాధనమని విమర్శించి, అది బుద్ధుడిది కాజాలదన్నారు. పాళీ గ్రంథాలు ఆ నిర్ధారణకు పూర్తిగా సహకరించవు. అయినా సీవకుడికి చెప్పిన జవాబులో దానికి బలమైన ఆధారం ఉంది.

వ్యాసం రాసే విద్యార్థి ఏ గ్రంథాన్నైనా రెండు ప్రశ్నలు అడగాలి. పుట్టుకను కర్మఫలమంటున్నదా? అంటే, ఆ ఫలం అనుభవిస్తున్నవాడికి ఏ తలుపు మూస్తున్నది? మొదటి ప్రశ్నకు రెండు సంప్రదాయాల జవాబులు కొన్నిచోట్ల కలుస్తాయి. రెండవదాని దగ్గర విడిపోతాయి.