రాజీనామా చేశాక ఆఫర్ రద్దయితే

కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది. దాన్ని నమ్ముకుని పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టాం. చేరే రోజు దగ్గరపడ్డాక 'వ్యాపార కారణాల వల్ల ఆఫర్ రద్దు చేస్తున్నాం' అని ఒక మెయిల్ వస్తుంది. ఇంట్లో మొదటి జీతం తనదే అయిన దళిత యువతకు ఇలాంటప్పుడు రెండు మూడు నెలలు నెట్టుకురావడానికి పొదుపు ఉండదు. కంపెనీలో పలుకుబడి ఉన్న బంధువూ ఉండడు. అందుకే ఏం చేయొచ్చో, అది ఎంతవరకు పనిచేస్తుందో ముందే తెలుసుకుని ఉండాలి.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి హైదరాబాద్‌లో నెలకు 32,000 జీతానికి పనిచేస్తోంది. మార్చి 1న 45,000 జీతంతో ఆఫర్ వచ్చింది. ఒప్పుకుంటున్నానని అదే రోజు మెయిల్ పెట్టింది. మార్చి 3న రాజీనామా ఇచ్చింది. నోటీసు 60 రోజులు కాబట్టి పాత ఆఫీసులో ఆఖరి రోజు మే 2. ఏప్రిల్ 20న ఆఫర్ రద్దయిందని మెయిల్ వచ్చింది.

ఆమె చేతిలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. అన్నిటికంటే విలువైనవి అవే. ముందు తేదీ నుంచి అమలయ్యే రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో చెప్పింది. ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగాల్లో ఈ సూత్రానికి బలం ఎక్కువ. ప్రైవేట్ కంపెనీలో మాత్రం పాత యజమాని ఒప్పుకోవడం మీదే చాలావరకు ఆధారపడుతుంది. అయినా అదే రోజు 'నా రాజీనామా ఉపసంహరించుకుంటున్నాను' అని రాతపూర్వకంగా అడగాలి. మే 2 దాటితే ఈ దారి మూసుకుపోతుంది.

తర్వాత ఆఫర్ లెటర్ మళ్లీ చదవాలి. 1872 నాటి ఒప్పంద చట్టం 5వ సెక్షన్ ప్రకారం, అవతలివాళ్లు ఒప్పుకోకముందే ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలి. ఆమె మార్చి 1నే ఒప్పుకుంది. కాబట్టి ఏప్రిల్‌లో కంపెనీ చేసింది ఒప్పంద ఉల్లంఘన అని వాదించవచ్చు. అయితే 'వెరిఫికేషన్ పూర్తయితేనే', 'మెడికల్ పరీక్ష పాసైతేనే' లాంటి షరతు ఉండి, అది నిజంగా నెరవేరకపోతే కంపెనీ వాదనే నిలుస్తుంది. 'ఏ కారణం చెప్పకుండానైనా రద్దు చేయవచ్చు' అన్న వాక్యం ఉన్నా మన కేసు బలహీనపడుతుంది.

కేసు గెలిచినా ఆ ఉద్యోగం వస్తుందనుకోవద్దు. ప్రైవేట్ సంస్థను ఫలానా మనిషిని పనిలో పెట్టుకోమని కోర్టులు సాధారణంగా ఆదేశించవు. 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగవచ్చు. కొత్త ఉద్యోగాన్ని 30 రోజుల నోటీసుతో ముగించవచ్చని లెటర్‌లో ఉంటే, కోర్టులు పరిహారాన్ని తరచూ ఆ నోటీసు జీతానికే పరిమితం చేస్తాయి. అంటే ఆమె విషయంలో 45,000. పాత జీతం పోయిన నెలల నష్టం కూడా అడగవచ్చు, కానీ అది వస్తుందన్న హామీ లేదు. నష్టం తగ్గించుకోవడానికి ఆమె ప్రయత్నించిందా అని కూడా కోర్టు చూస్తుంది. కాబట్టి వేరే ఉద్యోగాలకు పెట్టిన దరఖాస్తులన్నీ దాచుకోవాలి. దావా వేయడానికి గడువు మూడేళ్లు.

ఇంత చిన్న మొత్తానికి లాయర్ ఫీజు ఎలా అన్న ప్రశ్న వస్తుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. దీనికి ఆదాయ పరిమితి లేదు. కుల ధ్రువపత్రం, ఆఫర్ లెటర్, మెయిళ్లు పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పంపమని అడగవచ్చు. అక్కడ రాజీ కుదిరితే దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కంపెనీ రాకపోయినా, రాజీకి ఒప్పుకోకపోయినా సివిల్ దావాయే మిగిలే దారి.

రద్దుకు అసలు కారణం కులమైతే సంగతి వేరు. సమాన అవకాశాల గురించి చెప్పే రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఇతరులకు అందుబాటులో ఉన్న ఉద్యోగంలోకి దళితులను రానివ్వకుండా అడ్డుకోవడాన్ని నేరంగా చేర్చింది. ఇది ప్రైవేట్ వ్యక్తులకూ వర్తిస్తుంది. కష్టమంతా రుజువు దగ్గరే. సర్టిఫికెట్లలో కులం తెలిశాక కంపెనీ వాళ్ల మాట తీరు మారిందా? అదే పోస్టుకు మళ్లీ ప్రకటన ఇచ్చారా? 'వ్యాపార కారణం' నిజమైతే ఖాళీ కూడా రద్దవ్వాలి కదా. ఆ ప్రకటనను తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి. అనుమానం ఒక్కటే ఉంటే కేసు నిలవదు.

రాజీనామా ఇంకా ఇవ్వని వాళ్లు ముందు కొత్త కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. 'వెరిఫికేషన్ పూర్తయిందా? ఇక షరతులేమీ మిగల్లేదా? మీ జవాబు చూశాకే రాజీనామా ఇస్తాను' అని అడగండి. మీరు వాళ్ల మాట నమ్మే రాజీనామా చేశారని రేపు చూపించాల్సి వస్తే ఆ జవాబే సాక్ష్యం.