గొంతులో దాక్కున్న సెగవ్యాధి

2018 మొదట్లో ఇంగ్లండులో ఒక వ్యక్తి మూత్రమార్గంలో ఇబ్బందితో లైంగిక ఆరోగ్య క్లినిక్కు వెళ్లాడు. అంతకు నెల రోజుల ముందు ఆగ్నేయాసియాలో ఒక మహిళతో కలిశాడు. ఇంగ్లండులో అతనికి ఎప్పటినుంచో ఉన్న భాగస్వామి వేరే ఉంది. పరీక్షలో గనోరియా, అంటే మన పెద్దలు సెగవ్యాధి అనేది, తేలింది. సెఫ్ట్రియాక్సోన్ అనే మందు ఒక గ్రాము కండలోకి సూది ఇచ్చారు. సెగకు ప్రపంచమంతా ఆఖరి భరోసాగా పెట్టుకున్న మందు అదే.

మూత్రమార్గంలో జబ్బు పోయింది. గొంతులోంచి తీసిన నమూనాలో మాత్రం క్రిమి ఇంకా బతికే ఉంది. ల్యాబులో దాన్ని పెంచి ఒక్కొక్క మందునూ దాని మీద వేసి చూశారు. సెఫ్ట్రియాక్సోన్‌కు అది లొంగలేదు. అజిత్రోమైసిన్‌కైతే బొత్తిగా లొంగలేదు. స్పెక్టినోమైసిన్ అనే పాత మందుకు చస్తుందని తేలడంతో ఆ సూది ఇచ్చారు. అదీ గొంతులో ఓడిపోయింది, ఎందుకంటే ల్యాబు పళ్లెంలో పనిచేసిన ఆ మందు గొంతు కణజాలంలోకి సరిగా చేరదు. చివరికి ఎర్టాపెనెమ్ మూడు రోజులు నరం ద్వారా ఎక్కించాక జబ్బు పోయింది. ఆస్పత్రుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ల కోసం దాచిపెట్టుకునే మందు అది. రెండు ప్రధాన మందులకూ ఇంత గట్టిగా ఎదురు నిలిచిన సెగ ప్రపంచంలో నమోదైంది అదే మొదటిసారి. కొద్ది వారాల్లోనే ఆస్ట్రేలియాలోనూ అలాంటి కేసులు బయటపడ్డాయి.

ఈ కేసులో చూడాల్సింది గొంతునే. నోటి ద్వారా జరిగే లైంగిక చర్యలో సెగ క్రిమి గొంతుకు చేరుతుంది. అక్కడ చాలామందికి నొప్పి ఉండదు, చీము ఉండదు, కనీసం గరగర కూడా ఉండదు. దాని దగ్గరి చుట్టాలైన క్రిములు మనందరి గొంతుల్లో ఏ హానీ చేయకుండా కాపురం ఉంటాయి. మనం జలుబుకీ దగ్గుకీ మింగిన ప్రతి యాంటీబయాటిక్ వాటికి తగులుతుంది. ఆ దెబ్బలకు తట్టుకున్నవి మిగులుతాయి. సెగ క్రిమి వాటి పక్కన చేరి, వాటి జన్యువుల ముక్కలను తనలోకి తీసుకోగలదు. సెఫ్ట్రియాక్సోన్ వచ్చి అతుక్కోవాల్సిన చోటును మార్చేసే జన్యువు సెగ క్రిమికి వచ్చిన దారి ఇదే.

అందుకే ఇది ఎక్కడో ఇంగ్లండు కథ అనుకోవడానికి లేదు. మన ఊళ్లలో గొంతు నొప్పి అనగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ 500 మూడు మాత్రల పట్టీ చేతిలో పెడతారు. వైరస్ వల్ల వచ్చిన జలుబుకు అది చేసే మేలేమీ లేదు. గొంతులోని క్రిములకు మాత్రం అది మందులను తట్టుకునే శిక్షణ.

ఒక్కో మందు ఎలా చేజారిందో చూస్తే ఈ భయం ఊరికే వచ్చింది కాదని తెలుస్తుంది. 1930ల్లో సల్ఫా మందులు వచ్చాయి, పదేళ్లు తిరక్కుండానే పట్టు కోల్పోయాయి. పెన్సిలిన్ చాలాకాలం నిలిచింది కానీ, దాన్ని ముక్కలు చేసే ఎంజైముతో సెగ క్రిమి 1976లో కనిపించింది. సిప్రోఫ్లాక్ససిన్‌ను సెగకు వాడొద్దని అమెరికా 2007లో చెప్పింది. నోటితో మింగే సెఫిక్సిమ్‌ను 2012లో మొదటి వరస నుంచి తప్పించింది. ఇప్పుడు అక్కడ సాధారణ చికిత్స సెఫ్ట్రియాక్సోన్ 500 మిల్లీగ్రాముల సూది, బ్రిటన్‌లో ఒక గ్రాము. అజిత్రోమైసిన్‌ను దానికి జత చేయడం రెండు దేశాలూ మానేశాయి. జొలిఫ్లోడాసిన్ అనే కొత్త మందును ఐదు దేశాల్లో 930 మంది మీద పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. జననాంగాల సెగ మీద అది పాత చికిత్సకు తీసిపోలేదు.

క్లమీడియా సంగతి వేరు. సెగతో పాటు తరచూ కలిసి వచ్చే ఈ క్రిమి ఇంకా పాత మందులకే లొంగుతోంది. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఒకే మోతాదు అజిత్రోమైసిన్ కంటే ఇది మెరుగు, ముఖ్యంగా మలద్వారంలో ఉన్న క్లమీడియాకు. గర్భిణులకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు, వాళ్లకు అజిత్రోమైసినే. క్లమీడియా లేదని పరీక్షలో తేలనప్పుడు సెగ సూదితో పాటు డాక్సీసైక్లిన్ కూడా రాసేది ఇందుకే. మూడో రోజుకు మంట తగ్గిందని మాత్రలు ఆపేస్తే క్లమీడియా మిగిలిపోతుంది.

ఇక పరీక్ష. సెగ సోకిన రెండు రోజుల నుంచి వారంలోపు చాలామంది మగవాళ్లకు చీము, మంట కనిపిస్తాయి. క్లమీడియాకు ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు, అసలు ఏమీ కనిపించకపోవచ్చు కూడా. మన ఇళ్లలో మూత్రంలో మంట అనగానే వేడి చేసిందంటారు. బార్లీ నీళ్లు, సబ్జా, మజ్జిగ తాగిస్తారు. వాటివల్ల నష్టమేమీ లేదు. కానీ మూత్రంతో సంబంధం లేకుండా చీము కారుతుంటే అది వేడి కాదు. మగవాడికి చీము కారుతున్నప్పుడు దాన్ని గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, తెల్లకణాల లోపల జంటజంటలుగా సెగ క్రిములు కనిపిస్తాయి. చవకైన పరీక్షే, ఆ పరిస్థితిలో నమ్మదగింది. అదే పరీక్ష ఆడవాళ్లలో సగానికి సగం కేసులను వదిలేస్తుంది, గొంతుకైతే పనికే రాదు.

మిగిలిన వాళ్లందరికీ సరైనది కోవిడ్ రోజుల్లో మనకు పరిచయమైన పీసీఆర్ తరహా పరీక్ష. క్రిమి జన్యువును లెక్కలేనన్ని రెట్లు పెంచి పట్టుకుంటుంది. ఒకే నమూనాలో సెగ, క్లమీడియా రెండూ తేలతాయి. టీబీకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రానికే ఈ రెంటి కోసం వేరే కార్ట్రిడ్జ్ ఉంది, గంటన్నరలో ఫలితం చెప్తుంది. నమూనా ఇచ్చే తీరులోనే చాలామంది పొరబడతారు. మగవాళ్లు కనీసం గంటసేపు మూత్రం ఆపుకొని, మొదట వచ్చే ధారను పట్టాలి. షుగరు పరీక్షకో మూత్ర కల్చరుకో అలవాటైనట్టు మధ్యధార పడితే క్రిములు ముందే కొట్టుకుపోతాయి. ఆడవాళ్లకు మూత్రం కంటే యోనిలోంచి తీసిన స్వాబ్ మేలు. దాన్ని ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు, డాక్టరు తీసినంత బాగానే పనిచేస్తుంది. సిగ్గుతో పరీక్షకు వెనకాడే మహిళలకు ఈ ఒక్క మాట చెప్తే సగం బరువు దిగుతుంది. గొంతు, మలద్వారం సంగతి మాత్రం అడిగి చేయించుకోవాల్సిందే. మూత్రంలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన గొంతులో లేదని కాదు.

పీసీఆర్‌కు ఒక పరిమితి ఉంది. క్రిమి ఉందని చెప్తుంది కానీ, సాధారణంగా ఏ మందుకు చస్తుందో చెప్పదు. అందుకు కల్చర్ కావాలి. గాలికీ చలికీ తట్టుకోని క్రిమి కాబట్టి స్వాబ్ త్వరగా ల్యాబు చేరాలి, ప్రత్యేక మాధ్యమంలో పెంచాలి. సూది వేసిన మూడు నుంచి ఐదు రోజుల్లో చీము తగ్గకపోతే, ఈ మధ్యలో మళ్లీ ఎవరితోనూ కలవకపోతే, మందు పనిచేయలేదని అనుమానించి కల్చర్‌కు పంపాలి. ఇంకో షాపులో ఇంకో మాత్ర కొనే సమయం కాదది. గొంతులో సెగ ఉన్నవాళ్లు లక్షణాలు లేకపోయినా వారం నుంచి రెండు వారాల మధ్య మళ్లీ పరీక్షకు వెళ్లాలి. మరీ ముందే వెళ్తే చచ్చిన క్రిమి జన్యువును చూసి పీసీఆర్ పాజిటివ్ అనే ప్రమాదం ఉంది.

మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్కులు ఎక్కువగా లక్షణాలను బట్టి చికిత్స చేస్తాయి. చీము కారుతున్నవారికి చాలా ఏళ్లుగా ఇస్తూ వచ్చిన బూడిద రంగు కిట్టులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. ల్యాబు లేని చోట అదే రోజు మందు చేతిలో పడటం గొప్ప విషయమే. కానీ లక్షణమే లేని మనిషి ఈ పద్ధతికి కనిపించడు.

ఆ కనిపించని మనిషి చాలాసార్లు భార్యే. ఒక జంటను ఊహించుకుందాం. భర్త పొరుగూళ్లో పనికి వెళ్లి వస్తాడు, చీము కనబడితే గుట్టుగా మందు వాడుకుంటాడు, తగ్గిపోతుంది. భార్యకు ఏ నొప్పీ లేదు, కాస్త తెల్లబట్ట ఉన్నా అది మామూలే అనుకుంటుంది. కొద్ది రోజులకు ఆమె నుంచి అతనికి మళ్లీ అంటుకుంటుంది. ఈసారి మందు పనిచేయలేదని అతను పెద్ద మాత్ర కొంటాడు. క్రిమి మొండిది కాదు, తిరిగి వచ్చిందంతే. ఈలోగా ఆమె గర్భాశయం దాటి ఫాలోపియన్ నాళాలకు మచ్చలు పడతాయి. పిల్లలు పుట్టడం లేదని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లిన రోజు, నాళాలు మూసుకుపోయాయన్న మాట నిందలా ఆమె మీద పడుతుంది.

కాబట్టి భాగస్వామికి చెప్పడం చికిత్సలో భాగమే. అమెరికాలో గత 60 రోజుల్లో కలిసిన ప్రతివారికీ చెప్పమంటారు. బ్రిటన్‌లో లక్షణాలు లేని క్లమీడియాకు ఆరు నెలలు వెనక్కి వెళ్తారు. చెప్పేటప్పుడు నింద వద్దు. “నాకు పరీక్షలో సెగవ్యాధి అని తేలింది. నీకేమీ అనిపించకపోయినా పరీక్ష చేయించుకో, మందు ఉంది” అంటే చాలు. ఎవరు ఎవరికి అంటించారో పరీక్ష చెప్పలేదు. క్లమీడియా చప్పుడు లేకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు, కాబట్టి ఈ మధ్యే ఎవరో తప్పు చేశారనడానికి అది సాక్ష్యం కాదు. ఇళ్లలో గొడవలు పెరగకుండా కౌన్సెలర్లు ముందుగా చెప్పాల్సింది ఇదే.

చెప్తే చెయ్యి చేసుకుంటాడని భయం ఉన్న మహిళ తనే చెప్పనక్కర్లేదు. పేరు బయటపెట్టకుండా భాగస్వామిని పిలిపించమని క్లినిక్కును అడగొచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు లేదు. పాజిటివ్ ఎవరికి వచ్చినా ఇద్దరికీ ఒకేసారి చికిత్స జరగాలి. సూది లేదా ఒక్క మోతాదు మందు తర్వాత ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే కోర్సు పూర్తయ్యేదాకా, కలవకూడదు. ఇద్దరిలో చివరగా మందు తీసుకున్నవారి రోజు నుంచే ఆ లెక్క. మూడు నెలలకు ఇద్దరూ ఇంకోసారి పరీక్ష చేయించుకోవాలి. అప్పటికి మళ్లీ పాజిటివ్ వస్తే, అది చాలాసార్లు మందు ఓడిపోవడం కాదు, చికిత్స అందని ఇంకో మనిషి ఎక్కడో మిగిలిపోవడం.