సహారాను కొనాలా? బోర్డుకు రాయాల్సిన నోట్

2006 జనవరిలో జెట్ ఎయిర్‌వేస్ తన పోటీదారు ఎయిర్ సహారాను దాదాపు 2,300 కోట్ల రూపాయలకు కొంటానంది. జూన్‌కల్లా బేరం చెడింది. గొడవ మధ్యవర్తుల దాకా వెళ్లి, 2007 ఏప్రిల్‌లో 1,450 కోట్లకు తెగింది. పోటీ కంపెనీని కొనాలో వద్దో బోర్డుకు చెప్పే నోట్ రాయడం నేర్చుకునేవాళ్లకు ఇది మంచి పాఠం.

ఇలాంటి నోట్‌లో ఒకే కొలబద్ద సరిపోదు. మైకేల్ పోర్టర్ ఐదు శక్తుల పద్ధతి ముందు ఆ వ్యాపారం ఎలాంటిదో అడుగుతుంది. అప్పటికి ఎయిర్ డెక్కన్, స్పైస్‌జెట్ చౌక టిక్కెట్లు అమ్ముతున్నాయి, ఇండిగో రాబోతోంది. సహారాను కొంటే ఒక పోటీదారు తగ్గుతాడు గానీ, కొత్తవాళ్లు వచ్చే తలుపు మూసుకోదు. కాబట్టి ఈ కొలబద్ద వద్దంటుంది.

రెండోది వనరుల పరీక్ష. అవతలివాళ్ల దగ్గరున్నది విలువైనదా, అరుదైనదా, మరొకచోట దొరకనిదా, మనం వాడుకోగలమా? విమానాలైతే ఎవరికైనా అద్దెకు దొరుకుతాయి. ముంబై, ఢిల్లీల్లో విమానాలు నిలిపే చోటు, దిగడానికి అనువైన వేళలు అలా దొరకవు. ఇది కొనమంటుంది. అయితే వాటిని వాడుకోవాలంటే ప్రభుత్వ అనుమతులు కావాలి. మొదటి బేరం చిక్కుపడింది కూడా అనుమతుల దగ్గరే.

ఒకటి వద్దని, ఇంకొకటి కొనమని అన్నప్పుడు రాసేవాళ్లు చాలామంది రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు. అది బోర్డు నెత్తిన భారం వేయడమే. తగవు తీర్చేది ధర. ఊహించిన అంకెలతో చూద్దాం. కంపెనీ విడిగా 1,000 కోట్లు చేస్తుందనుకోండి. 1,450 ఇస్తే 450 కోట్లు అదనం. కలిసినందువల్ల ఏటా 60 కోట్లు మిగిలితే, 12 శాతం రాబడి లెక్కన దాని నేటి విలువ 500 కోట్లు. గిట్టుబాటే. ఆ మిగులు ఒక్క ఏడాది ఆలస్యమైతే విలువ 446 కోట్లకు పడిపోతుంది, బేరం నష్టంలోకి జారుతుంది. సిబ్బందిని, జీతాలను, రిజర్వేషన్ వ్యవస్థలను కలపడానికి ఏడాది ఆలస్యం కావడం వింతేమీ కాదు. అందుకే విలీనానికి పట్టే కాలాన్ని నోట్ చివర అనుబంధంగా తోసేయకూడదు, ధర లెక్కలోనే కలపాలి.

జెట్ సహారాకు జెట్‌లైట్ అని పేరు మార్చి నడిపింది. తర్వాత అప్పుల్లో కూరుకుపోయి 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆపేసింది. ఆ పతనాన్నంతా ఈ కొనుగోలు మీద వేయడం అన్యాయం. 2008లో మండిన ఇంధన ధర, చౌక సంస్థల పోటీ కూడా దెబ్బతీశాయి.

ఆ నోట్ నేను రాసుంటే 2,300 కోట్లకు వద్దనేవాణ్ణి. 1,450 కైనా, నిలిపే చోట్లు, వేళలు జెట్‌కు దక్కుతాయని రాతపూర్వకంగా తేలాకే డబ్బు కట్టమనేవాణ్ణి.