రెసిపీలో వాల్వు పేరు ఉండకూడదు

హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో మందుల ముడిసరుకు ఎక్కువగా బ్యాచ్‌లుగా తయారవుతుంది. ఒకే రియాక్టర్‌లో ఈ నెల ఒక మందు, వచ్చే నెల మరొకటి చేయాల్సి రావచ్చు. రియాక్టర్‌ను నడిపే కంట్రోలర్ ప్రోగ్రాంలోనే మందు తయారీ విధానమంతా రాసి ఉంటే, మందు మారినప్పుడల్లా ప్రోగ్రాంను విప్పి మార్చి, మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి. ఈ చిక్కు తీర్చడానికి వచ్చిన ప్రమాణమే ఐఎస్ఏ-88. అమెరికాలోని ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆటోమేషన్ దీని మొదటి భాగాన్ని 1995లో వెలువరించింది. ఏం చేయాలో రెసిపీ చెబుతుంది, ఎలా చేయాలో పరికరాన్ని నడిపే ప్రోగ్రాం చూసుకుంటుంది. ప్రమాణానికి ఆయువుపట్టు ఈ విభజనే.

పారాసిటమాల్‌నే తీసుకుందాం. పారా అమినోఫినాల్‌ను నీటిలో కలిపి, దానికి ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ను మెల్లగా చేరుస్తారు. ఈ చర్యలో వేడి పుడుతుంది కాబట్టి రియాక్టర్ జాకెట్‌లోకి చల్లటి నీరు పంపుతారు. తర్వాత ద్రావణాన్ని చల్లార్చి, స్ఫటికాలను వడకట్టి ఆరబెడతారు. ఈ మొత్తం వరుసను రెసిపీలో ప్రొసీజర్ అంటారు. అందులో ఒక్కో ప్రధాన పరికరంలో జరగాల్సిన పని ఒక యూనిట్ ప్రొసీజర్. రియాక్టర్‌కు ఒకటి, డ్రయ్యర్‌కు మరొకటి ఉంటాయి. యూనిట్ ప్రొసీజర్‌లో కొన్ని ఆపరేషన్లు, ఆపరేషన్‌లో కొన్ని ఫేజ్‌లు. చిట్టచివరి మెట్టు ఫేజ్. 'అన్‌హైడ్రైడ్ చేర్చు', 'వేడి చేయి', 'చల్లార్చు' లాంటివి ఫేజ్‌లు.

రెసిపీకీ పరికరానికీ ముడిపడేది ఇక్కడే. రెసిపీలోని ఫేజ్‌కు పేరు, కొన్ని విలువలు మాత్రమే ఉంటాయి. ఉదాహరణకు 500 కిలోలు చేర్చాలి, ఉష్ణోగ్రత ఫలానా హద్దు దాటకూడదు. ఏ వాల్వు తెరవాలి, ఏ పంపు నడపాలి అన్నవి అందులో ఉండవు. అదే పేరుతో కంట్రోలర్‌లో ఉన్న ఎక్విప్‌మెంట్ ఫేజ్ ఆ విలువలు అందుకుని, వాల్వు తెరిచి, పంపు నడిపి, ఫ్లో మీటరు లెక్క చూసి, 500 కిలోలు పూర్తికాగానే అన్నీ మూసి 'పూర్తయింది' అని చెబుతుంది. పక్క షెడ్డులోని రియాక్టర్‌కు పంపు వేరు కావచ్చు, వాల్వు నంబరు వేరు కావచ్చు. అక్కడా అదే పేరుగల ఫేజ్ ఉండి, పరికరానికి ఆ పని చేసే సామర్థ్యం ఉంటే, రెసిపీని తిరగరాయనక్కరలేదు. ఆమోదం పొందిన మాస్టర్ రెసిపీ నుంచి ప్రతి బ్యాచ్‌కూ ఒక నకలు తీస్తారు. బ్యాచ్ నంబరు, అసలు పరిమాణాలు, వాడబోయే రియాక్టర్ ఆ నకలులోకి ఎక్కుతాయి. దాన్ని కంట్రోల్ రెసిపీ అంటారు.

అంతా సజావుగా సాగే రోజున ఈ విభజన విలువ పెద్దగా తెలియదు. అన్‌హైడ్రైడ్ 300 కిలోలు చేరాక చల్లటి నీటి పంపు ఆగిపోయిందనుకుందాం. అప్పుడు ఫేజ్‌కు 'హోల్డ్' ఆదేశం వస్తుంది. ఎక్విప్‌మెంట్ ఫేజ్ వెంటనే అన్‌హైడ్రైడ్ వాల్వు మూయాలి, కలియబెట్టే ఎజిటేటర్‌ను మాత్రం ఆపకూడదు. అది ఆగితే రియాక్టర్‌లోని వేడి బయటికి పోవడం మందగించి, కొన్నిచోట్ల పోగుపడుతుంది. నీళ్లు వచ్చాక ఆపరేటర్ 'రీస్టార్ట్' నొక్కుతాడు. అసలు తప్పు దొర్లేది ఇక్కడే. ఫేజ్ రాసినవారు పునఃప్రారంభాన్ని తొలి ప్రారంభంలాగే రాస్తే, లెక్క సున్నాకు పోయి మళ్లీ 500 కిలోలు చేరుతాయి. మొత్తం 800 కిలోలు అవుతుంది. సరిగా రాసిన ఫేజ్ అప్పటికి చేరిన 300 కిలోలు గుర్తుంచుకుని మిగతా 200 మాత్రమే చేరుస్తుంది. మందు ఏదైనా ఇది పరికరం బాధ్యతే కాబట్టి దాన్ని ఒక్కసారి జాగ్రత్తగా రాసి, నీటితో పరీక్షించి, మధ్యలో కావాలని ఆపి చూస్తే, ఆ ఫేజ్‌ను వాడే రెసిపీలన్నిటికీ ఆ రక్షణ దక్కుతుంది. ఉష్ణోగ్రత, పీడనం ప్రమాదకర హద్దు దాటినప్పుడు పనిచేసే ఇంటర్‌లాకులు మాత్రం రెసిపీ ఏం చెప్పినా లొంగకూడదు. వాటి చోటు ఎప్పుడూ పరికరం వైపే.

విభజన చెడిందని రెండు గుర్తులు పట్టిస్తాయి. రెసిపీలో వాల్వు నంబరు కనిపిస్తే పరికరం సంగతి రెసిపీలోకి వచ్చిపడినట్టు. కంట్రోలర్ ప్రోగ్రాంలో 'పారాసిటమాల్ అయితే ఇలా' అన్న షరతు కనిపిస్తే రెసిపీ సంగతి పరికరంలోకి దిగినట్టు. రెండోది మరింత చెడ్డది, ఎందుకంటే కొత్త మందు వచ్చినప్పుడు పాత మందుల ప్రోగ్రాంను కూడా కదిలించాల్సి వస్తుంది.

ఫేజ్ ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికి ప్రమాణం కొలత ఇవ్వలేదు, అనుభవంతోనే తేల్చుకోవాలి. 'వాల్వు తెరువు' అన్నదాన్నే ఒక ఫేజ్ చేస్తే, ప్రోగ్రాం రాసే పని రెసిపీ రాసే రసాయన నిపుణుడి నెత్తిన పడుతుంది. చేర్చడం, వేడిచేయడం, చల్లార్చడం అన్నీ ఒకే ఫేజ్‌లో కుక్కితే, ముందు వేడిచేసి తర్వాత చేర్చాల్సిన మందుకు అది పనికిరాదు. రసాయన నిపుణుడు తన నోటుపుస్తకంలో ఒక వాక్యంగా రాసుకునే పని ఒక ఫేజ్‌గా ఉంటే చాలావరకు సరిపోతుంది.