ఆరున్నర వేలు ఎక్కడ తగ్గాయి?

ఒక డిగ్రీ కళాశాలలోని తెలుగు అధ్యాపకురాలికి, పల్లెలు తిరిగి పెద్దవాళ్ల నోట కథలు సేకరించడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి 3,00,000 రూపాయల గ్రాంటు మంజూరు చేసిందనుకుందాం. మొదటి విడతగా 2,40,000 చేతికొచ్చింది. మిగతాది చివరి లెక్కలు చూశాక ఇస్తారు. పని పూర్తయ్యేసరికి ఖర్చు 2,92,400 తేలింది. తక్కువ పడ్డ 52,400 కళాశాల తన నిధిలోంచి సర్దింది. ఖర్చు మంజూరుకు లోపలే ఉంది కాబట్టి ఆ మొత్తం తిరిగి వస్తుందనుకున్నారు. వచ్చింది మాత్రం 45,900.

ఆ 6,500 ఎక్కడ తగ్గిందో చూద్దాం. మంజూరు ఉత్తర్వులో మూడు లక్షలని ఒక్క అంకె వేసి ఊరుకోరు. పుస్తకాలకు ఇంత, పరికరాలకు ఇంత, ప్రయాణాలకు ఇంత అని పద్దులుగా విడగొడతారు. ఇక్కడ పరికరాల పద్దు 60,000. దరఖాస్తు పెట్టిన నాటికీ కొన్న నాటికీ ధరలు పెరిగి, రికార్డరూ కెమెరా కలిపి 66,500 అయ్యాయి. ప్రయాణాలకు 1,20,000 ఇస్తే 1,08,200తో సరిపోయింది. అక్కడ మిగిలిన 11,800లోంచి ఇక్కడికి సర్దుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ముందుగా అనుమతి తీసుకోకుండా పద్దు మార్చకూడదని ఈ ఉత్తర్వులోనే ఉంది. కొనే ముందు ఒక ఉత్తరం రాసి, వచ్చిన జవాబును ఫైల్లో పెట్టుకుంటే పోయేది. నేను చూసిన ఫైళ్లలో నిజాయితీగా ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువగా ఇక్కడ నష్టపోయారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గ్రాంటు ముగించేటప్పుడు ముఖ్యంగా రెండు కాగితాలు కావాలి. ఒకటి, పద్దుల వారీగా మంజూరు ఎంత, ఖర్చు ఎంత, తేడా ఎంత అని చూపే తుది ఖర్చుల పట్టిక. రెండోది వినియోగ ధ్రువపత్రం. ఆఫీసుల్లో అందరూ యూసీ అంటారు. కేంద్ర గ్రాంటులకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం దీన్ని 12-ఏ ఫారంలో ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా చేరాలి. సొమ్మును ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడామనీ, షరతులు పాటించామనీ సంస్థ ఆర్థికాధికారీ, సంస్థాధిపతీ సంతకాలు చేసి చెప్పే మాట అది. చాలామంది ఇందులో మంజూరైన 3,00,000 వేసేస్తారు. వేయాల్సింది చేతికందిన 2,40,000. రాని డబ్బును వాడామని ధ్రువీకరించడం కుదరదు. అలాగే కారు యజమానికి ఇచ్చిన అడ్వాన్సు, బిల్లు వచ్చి సర్దుబాటయ్యేదాకా ఖర్చు కిందికి రాదు. ఫారంలో దాన్ని విడిగా చూపాలి.

ఇక బ్యాంకు వైపు చూద్దాం. పాస్‌బుక్కులో 7,920 నిల్వ కనిపిస్తోంది, మన క్యాష్‌బుక్కులో 3,120 ఉంది. ఈ తేడాకు కంగారు పడనక్కర్లేదు. పుస్తకాల షాపుకు ఇచ్చిన 4,800 చెక్కును వాళ్లింకా బ్యాంకులో వేసుకోలేదు. ఆ సంగతి ఒక చిన్న కాగితం మీద రాసి జతచేస్తే ఆడిటరు ముందుకెళతాడు. మిగిలిన 3,120 మొదటి విడత మీద వచ్చిన వడ్డీ. దీన్ని ఆరున్నర వేల లోటుకు సర్దుకోవాలనిపించడం సహజం. కానీ గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ప్రభుత్వానిదే. లెక్కలు ఖరారు కాగానే భారత సంచిత నిధికి జమ చేసి, ఆ రసీదును ఫైలుకు చేర్చాలి.

వోచర్ల దగ్గర నేను నేర్చుకున్న జాగ్రత్త ఒకటుంది. ఆర్టీసీ టికెట్లు వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తాయి. కొన్ని నెలలకే వెలిసిపోయి తెల్లకాగితాలవుతాయి. ఏడాదిన్నర తర్వాత ఆడిటరు అడిగితే చూపడానికి ఏమీ మిగలదు. ప్రయాణం చేసిన వారంలోనే జిరాక్సు తీసి, ఊరి పేరు, తేదీ, ఎందుకు వెళ్లామో పక్కన రాసి, అసలు టికెట్‌తో కలిపి అంటించాలి. కథ చెప్పిన అవ్వకు 500 ఇస్తే, వేలిముద్ర పక్కనే అది ఎవరిదో రాసి, సాక్షి సంతకం అప్పుడే పెట్టించుకోవాలి. మళ్లీ ఆ ఊరెళ్లేసరికి అవ్వ ఉండకపోవచ్చు.

ఇవన్నీ సరిపోయి, 45,900 కళాశాల ఖాతాలో పడితే గ్రాంటు ముగిసినట్టే. రికార్డరూ కెమెరా మాత్రం స్టాకు రిజిస్టరులో ఉంటాయి. వాటి ధరలో ఆరున్నర వేలు కళాశాల భరించినా, ఎక్కువ భాగం గ్రాంటు సొమ్మే. కాబట్టి గ్రాంటు ఇచ్చినవారి అనుమతి లేకుండా వాటిని అమ్మడానికి వీల్లేదు.