కీలు చూస్తే కండ తెలుస్తుంది

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ సంఘం కింది అంతస్తులో ఖాళీగా పడి ఉన్న గదిని జిమ్ చేద్దామనుకుంది. కొత్త మిషన్లు కొనే డబ్బు లేదు. మూతపడ్డ జిమ్‌ల సామాను అమ్మే ఒకాయన వాట్సాప్‌లో ఇరవై దాకా ఫొటోలు పంపాడు. ఒక ఫొటో కింద 'లెగ్ కర్ల్' అని రాసి ఉంది. లెగ్ కర్ల్ అంటే తొడ వెనక కండకు పనిచెప్పే మిషను. తొడ ముందు కండకు పనిచెప్పే లెగ్ ఎక్స్‌టెన్షన్ మా దగ్గర అప్పటికే ఒకటుంది, ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ ఒక కుటుంబం ఇచ్చింది. దానికి ఇది జత అవుతుందని అడ్వాన్స్ పంపాం. తీరా బండి దిగాక చూస్తే వచ్చింది రెండో లెగ్ ఎక్స్‌టెన్షన్.

మోసపోయామనే అనుకున్నాం. కానీ ఫొటో మళ్ళీ తీసి చూస్తే వచ్చిన మిషనే అందులో ఉంది. కింద రాసిన పేరొక్కటే తప్పు. మేం పేరు చదివి డబ్బు పంపాం గానీ మిషను చూడలేదు.

వాటిని బిగించడానికి వచ్చిన కోచ్ కుర్రాడు ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, సీటు ముందంచు పక్కన ఉన్న గుండ్రటి మూతను చూపించాడు. "సార్, మిషను కీలు ఇది. సీట్లో కూర్చుంటే మీ మోకాలు సరిగ్గా దీని పక్కకొస్తుంది. అంటే ఇది మోకాలి మిషను. ముందు కండకా, వెనక కండకా అన్నది రోలర్ ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు.

కీలు అన్న మాట మనకు తలుపుకీ ఒంటికీ ఒకటే. జిమ్ మిషన్ల దగ్గర ఇది మాట వరసకు కాదు, అక్షరాలా నిజం. ఒక్క కీలునే కదిలించే మిషను ఏదైనా సరే, దాని కదిలే చెయ్యి ఏ ఇరుసు మీద తిరుగుతుందో ఆ ఇరుసు మన ఒంటి కీలుకు పక్కనే, అదే వరుసలో ఉండాలి. లేకపోతే కాలు ఒక వలయంలో, మిషను ఇంకో వలయంలో తిరిగి దిండు చర్మం మీద జారుతుంది. అందుకే చాలా కంపెనీలు ఆ ఇరుసు మీద ఎర్రదో పసుపుదో మూత పెడతాయి, కూర్చున్నవాళ్ళు మోకాలిని దాని ఎదురుగా సర్దుకోవాలని. ఫొటోలో ముందు వెతకాల్సింది ఆ మూతనే. అది సీటు అంచు పక్కన ఉంటే మోకాలిది. ముందున్న వాలు దిండు మీద మోచేతుల దగ్గర ఉంటే దండ కండది. కూర్చున్నవాళ్ళ తల మీదుగా రెండు ఇరుసులు ఉండి, రెండు చేతులు కిందికి వేలాడుతుంటే భుజం కీలుది.

కొన్ని మిషన్లలో ఇరుసు రేకు తొడుగు వెనక దాగి ఉంటుంది. అప్పుడు ఒక వింత చక్రం కోసం చూడండి. మామూలు గిలకలన్నీ గుండ్రంగా ఉంటాయి, ఇదొక్కటి శంఖంలా ఒక పక్కకు సాగి ఉంటుంది. అమెరికాలో ఆర్థర్ జోన్స్ 1970లో అమ్మకానికి తెచ్చిన మిషన్లతో ఈ చక్రం ప్రపంచమంతా తెలిసింది. నాటిలస్ అనే సముద్రజీవి గుల్లను పోలి ఉందని ఆ మిషన్లకు ఆ పేరే పెట్టారు. కండ బలం కదలిక పొడవునా ఒకేలా ఉండదు. ఒక చోట ఎక్కువ మోయగలదు, ఒక చోట తక్కువ. దానికి తగ్గట్టు బరువు పెరిగేలా తగ్గేలా చక్రాన్ని అలా మలిచారు. లెగ్ ఎక్స్‌టెన్షన్ లాంటి మిషన్లలో చాలావరకు ఈ చక్రం కీలు ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, తొడుగు కింద దీని అంచు కాస్త కనబడినా కీలు దొరికినట్టే.

కీలు దొరికితే సగం పని అయినట్టు. మోకాలి మిషను అని తెలిసింది సరే, ముందు కండదా వెనక కండదా? ఫొటోల్లో ఉన్న మంచి సౌకర్యం ఏమిటంటే, మనిషి లేని మిషను సాధారణంగా వ్యాయామం మొదలయ్యే చోటే ఆగి ఉంటుంది. బరువు పలకలు కిందికి దిగి ఉంటాయి, కదిలే చెయ్యి తన మొదటి చోటికి వచ్చేసి ఉంటుంది. కండ పనిచేసేది కుదించుకుపోతూ గనక, మొదట్లో అది సాగి ఉండాలి. కాబట్టి ఫొటోలోని సీట్లో మిమ్మల్ని మీరు కూర్చోబెట్టుకుని, కాళ్ళూ చేతులూ దిండ్లకు ఆనించినట్టు ఊహించుకోండి. ఆ భంగిమలో ఏ కండ సాగి ఉందో ఆ మిషను ఆ కండదే.

మా రెండు మిషన్ల మీదే దీన్ని వేసి చూద్దాం. రెండింటికీ సీటుంది, వీపు దిండుంది, మోకాలి పక్కన ఇరుసుంది, గుండ్రటి రోలర్ ఉంది. దూరం నుంచి చూస్తే కవలలే. లెగ్ ఎక్స్‌టెన్షన్ రోలర్ కింద, నేలకు దగ్గరగా, సీటు ముందంచు కిందికి వచ్చి ఉంటుంది. కూర్చుంటే మోకాలు మడిచి, చీలమండ ముందు భాగాన్ని దానికి ఆనించాలి. మోకాలు మడిచినప్పుడు సాగేది తొడ ముందు కండ. సీటెడ్ లెగ్ కర్ల్‌లో రోలర్ ఇంచుమించు సీటు ఎత్తున ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కాళ్ళు చాపి, మడమల పైభాగాన్ని దాని మీద ఆనించి, కిందికి వెనక్కి నొక్కాలి. కాళ్ళు చాపి కూర్చుంటే తొడ వెనక ఎంత లాగుతుందో నేల మీద కూర్చుని బొటనవేళ్ళు పట్టుకోబోయిన ఎవరికైనా తెలుసు.

ఇంకో గుర్తు కూడా ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. లెగ్ కర్ల్‌కు ఒక దిండు ఎక్కువ ఉంటుంది. మోకాలికి కాస్త పైనో కాస్త కిందో, కాళ్ళను పైనుంచి అదిమి పట్టే దిండు. మడమలతో కిందికి నొక్కితే తొడలు పైకి లేస్తాయి, వాటిని ఆపడానికి అది. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో కాలు పైకి తన్నితే తొడ సీటులోకే దిగుతుంది, ఆపేవాళ్ళ అవసరం లేదు. పక్కన పట్టుకోవడానికి రెండు పిడులు ఉంటే చాలు. మాకు వచ్చిన ఫొటోలో రోలర్ నేల దగ్గరుంది, అదిమే దిండు లేదు, పక్కన పిడులున్నాయి. మూడు గుర్తులూ ఒకే మాట చెబుతున్నా మా కళ్ళు కింద రాసిన పేరు మీదే ఉన్నాయి.

ఈ ఆపే దిండు సంగతి కేబుల్ మిషన్ల దగ్గర ఇంకా ఉపయోగపడుతుంది. అక్కడ ఇరుసు ఉండదు, గిలకలూ కేబులూ ఉంటాయి. కేబుల్ ఎన్ని గిలకల మీదుగా తిరిగినా కంగారు పడక్కర్లేదు. నూతి గిలక దగ్గర తాడు కిందికి లాగితే చేద పైకి వచ్చినట్టు, మధ్యలో ఉన్న గిలకలు చాలావరకు దారి మళ్ళించేవే. మన చేతికి అందే చివరి గిలక ఎక్కడుందన్నదే చూడాలి. కేబుల్ మనల్ని అటువైపు లాగుతుంది, కండ దానికి ఎదురు పనిచేస్తుంది. ఆపే దిండు మనం అటు కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది.

పొడవాటి రాడ్డు తల మీద వేలాడుతూ, కింద సీటు, సీటు ముందు తొడల మీదికి వచ్చే రెండు రోలర్లు ఉంటే అది లాట్ పుల్‌డౌన్. మన జిమ్‌లలో వింగ్స్ అని పిలిచే వీపు పక్క కండలది. అరవై కిలోల మనిషి డెబ్బై కిలోలకు పిన్ను పెట్టి లాగితే రాడ్డు కిందికి రావడానికి బదులు మనిషే సీటు మీంచి పైకి లేస్తాడు. ఆ రోలర్లు ఉన్నది అందుకే. చివరి గిలక కింద, ఎదురుగా ఉండి, పాదాలు తన్నిపెట్టుకోవడానికి పలకలు ఉంటే అది సీటెడ్ రో. వీపు మధ్య కండలకు ఎక్కువ పని. అదే పై గిలక ముందు సీటూ రోలర్లూ లేకుండా చిన్న పిడో తాడో వేలాడుతుంటే అది ఎక్కువగా నిలబడి చేసే ట్రైసెప్స్‌కు, అంటే దండ వెనక కండకు వాడేది. గిలక చోటు మారలేదు, సీటు పోయింది, కండ మారింది.

మోకాళ్ళ దగ్గర ఎదురెదురుగా రెండు దిండ్లున్న మిషను ఫొటో చూస్తే చాలామంది తికమకపడతారు. దిండ్ల మెత్తటి వైపు ఎటు చూస్తోందో చూడండి. లోపలికి చూస్తూ రెండూ దగ్గరగా ఉంటే మోకాళ్ళను బయటికి నెట్టాలి, అది తుంటి పక్క కండలకు. మెత్తటి వైపు బయటికి చూస్తూ రెండూ దూరంగా ఉంటే లోపలికి నొక్కాలి, అది తొడ లోపలి కండలకు.

అయితే ఫొటో చెప్పలేనివీ ఉన్నాయి. ఇప్పుడు చెప్పిన మిషన్లోనే కొన్నిటికి దిండ్లు అటూ ఇటూ తిప్పుకునే వీలుంటుంది, ఒకటే రెండు పనులూ చేస్తుంది. రెక్కల్లా రెండు చేతులు పైనుంచి వేలాడే మిషనూ అంతే. వీపు ఆనించి కూర్చుంటే ఛాతీకి, అటు తిరిగి దిండుకు ఛాతీ ఆనించి కూర్చుంటే భుజం వెనక కండకు. ఇరుసు దగ్గర వరసగా రంధ్రాలున్న ఇనుప పళ్ళెం, దానిలో ఒక పిన్ను కనిపిస్తే, మొదలయ్యే చోటును మార్చుకోవచ్చని అర్థం. ముందు వాడినవాళ్ళు పిన్ను ఎక్కడ వదిలేశారో ఫొటోలో చెయ్యి అక్కడే ఆగి ఉంటుంది. అప్పుడు 'సాగిన కండ' లెక్క తప్పుతుంది. ఇలాంటి చోట ఆపే దిండునే నమ్మాలి. రెండు నిలువు స్తంభాలు, వాటి మీద పైకీ కిందికీ జరిగే గిలకలు, సీటు లేని ఫ్రేము కనబడితే దానికి ఏ ఒక్క కండ పేరూ పెట్టకండి. గిలకను పెట్టిన ఎత్తును బట్టి అది ఒంట్లో ఏ కండకైనా పనికొస్తుంది.

అమ్మేవాళ్ళు ఎక్కువగా ఎదురుగా నిలబడి ఫొటో తీస్తారు. మిషను పెద్దగా అందంగా కనిపిస్తుంది గానీ ఇరుసు కనిపించదు, రోలర్ ముందుందో వెనకుందో తెలియదు. పాత మిషను కొంటున్నవాళ్ళు అడ్వాన్స్ పంపే ముందు ఇంకొక్క ఫొటో అడగండి. సరిగ్గా పక్కనుంచి, సీటు ఎత్తున ఫోను పట్టుకుని, మిషను మీద ఎవరూ లేకుండా, బరువు పలకలు పూర్తిగా దిగి ఉండగా తీసింది.